‘కూలి’ అనే ఒక్క మాటతో పాఠం: సంభాషణగా చదువు చెప్పడం ఎలా

వయోజనులకు చదువు చెప్పేవాళ్లు, బడి టీచర్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. “పాఠాన్ని పిల్లల తలలో వేసేయడం కాదు, వాళ్లతో మాట్లాడుతూ చెప్పాలి అంటారు. సరే, సోమవారం సాయంత్రం ఆరింటికి కూర్చున్నాక ముందు ఏం చేయాలి? తర్వాత ఏం చేయాలి?” దానికి జవాబుగా ఇది రాస్తున్నాను.

బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రేరే మామూలు చదువును బ్యాంకులో డబ్బు జమ చేయడంతో పోల్చాడు. టీచరు వేస్తాడు, విద్యార్థి దాచుకుంటాడు, పరీక్ష రోజున తీసి ఇస్తాడు. దాని బదులు ఆయన నడిపిన పద్ధతిలో కొందరు గుండ్రంగా కూర్చుంటారు, మధ్యలో ఒక బొమ్మ ఉంటుంది, ఆ బొమ్మ నుంచి ఒక మాట పుడుతుంది, ఆ మాట నుంచి అక్షరాలు వస్తాయి. 1963లో ఈశాన్య బ్రెజిల్‌లోని అంజీకోస్ అనే ఊళ్లో సుమారు 300 మంది కూలీలకు, కార్మికులకు దాదాపు 40 గంటల్లో చదవడం, రాయడం నేర్పిన పద్ధతి అదే. నేను దాన్ని తెలుగు లిపికి సరిపోయేలా మార్చుకుని, వ్యవసాయ కూలీలైన ఆడవాళ్లతో సాయంత్రం బడిలో వాడాను. ఆ అనుభవం నుంచే ఈ వరస రాస్తున్నాను.

## 1. మొదటి రెండు వారాలు: పలక వద్దు, నోట్‌బుక్ చాలు

చదువు మొదలుపెట్టే ముందు ఆ ఊరి మాటలు వినాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ఇది వదిలేస్తే మిగతాదంతా మళ్లీ పాత పద్ధతిలోకే జారిపోతుంది, ఎందుకంటే ఏ మాట నేర్పాలో మీరే ఇంట్లో కూర్చుని నిర్ణయిస్తారు.

కుళాయి దగ్గర, టీ కొట్టు దగ్గర, ఆటో కోసం నిలబడిన చోట, పొలం గట్టు మీద మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు వినండి. నోట్‌బుక్‌లో పేజీని రెండుగా విడదీయండి. ఎడమ పక్క వాళ్లు అన్న వాక్యాన్ని వాళ్ల యాసలో ఉన్నది ఉన్నట్టు రాయండి. కుడి పక్క ఎక్కడ, ఏ సందర్భంలో అన్నారో రాయండి. “గుత్తకిస్తే నడుములిరుగుతాయి, రోజుకూలికైతే మేస్త్రి అరుస్తాడు” అన్న వాక్యాన్ని “కూలీల పని భారం ఎక్కువ” అని సవరించి రాసుకుంటే మీకు పనికొచ్చేదంతా పోయినట్టే.

“మీ సమస్యలేంటి?” అని అడగొద్దు. ఆ ప్రశ్న వినగానే జనం మిమ్మల్ని సర్వేకి వచ్చిన ఆఫీసరుగా చూస్తారు. రోడ్డు, నీళ్లు, పింఛను అని మూడు ముక్కలు చెప్పి ఊరుకుంటారు. మీరూ నారు కట్టలు అందిస్తూ మాట్లాడితే మాటలు వాటంతటవే వస్తాయి.

రెండు వారాల తర్వాత చూసుకోండి:

- కనీసం పదిహేను మంది నోటి మాటలు ఉన్నాయా?
- అన్నీ ఫిర్యాదులేనా? పాట, వంట, పండగ, పెళ్లి మాటలు కూడా ఉన్నాయా?
- మీకు అర్థం కాక మళ్లీ అడిగి తెలుసుకున్న మాటలు కొన్నయినా ఉన్నాయా? ఒక్కటీ లేకపోతే మీరు వినలేదు, మీకు తెలిసిందే ఏరుకున్నారు.

## 2. మాటల్ని ఎంచుకోవడం

ఫ్రేరే బృందం ఒక్కో ప్రాంతానికి పదిహేడు, పద్దెనిమిది మాటలకు మించకుండా ఎంచుకునేది. ఎంపికకు మూడు పరీక్షలున్నాయి. ఆ మాటలో ఎన్ని కొత్త అక్షరాలు దొరుకుతాయి? అక్షరాల కష్టం తేలిక నుంచి మెల్లగా పెరుగుతోందా? ఆ మాట అనగానే జనం మాట్లాడటానికి ఏదైనా ఉందా?

మూడూ కుదరాలి. ‘ఈగ’ తేలికైన మాటే, కానీ దాని మీద అరగంట మాట్లాడుకోలేం. ‘దౌర్జన్యం’ మీద గంటలు మాట్లాడొచ్చు, కానీ మొదటి వారంలో ఆ ఒత్తు చూసి మనిషి భయపడిపోతుంది.

తెలుగులో మనకొక సౌకర్యం ఉంది, ఒక ఇబ్బంది కూడా ఉంది. సౌకర్యం గుణింతం. ఫ్రేరే ‘తిజోలో’ అనే మాటను, అంటే ఇటుకను, మూడు ముక్కలు చేసి ఒక్కో ముక్కకు అచ్చులు మార్చి త, తె, తి, తొ, తు లాంటి వరసల కార్డు తయారుచేయించాడు. మనకు ఆ వరస పుట్టుకతోనే ఉంది, కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ఇబ్బంది ఒత్తులు. పదిహేడు మాటలతో అన్ని ఒత్తులూ రావు. కాబట్టి మొదటి ఐదారు మాటల్లో ఒత్తు లేకుండా చూసుకుని, తర్వాత ముందు అదే అక్షరం ఒత్తుగా వచ్చే మాటలు, ఆ పైన వేరే అక్షరం ఒత్తుగా వచ్చేవి తీసుకోవాలి.

మేం వాడిన వరస ఇలా ఉంది: కూలి, నీరు, బాకీ, చీటీ, పొలం, జీతం, ఎరువు, సంతకం, భూమి, ఉపాధి, అప్పు, వడ్డీ, పట్టా, ఇల్లు, ఆసుపత్రి, రేషన్ కార్డు. ఇది మీకు జాబితా కాదు. గిరిజన గూడెంలోనో, చేనేత పేటలోనో, భవన నిర్మాణ కూలీల అడ్డా దగ్గరో వేరే మాటలొస్తాయి. మా జాబితాను అలాగే వాడుకుంటే అది కూడా పైనుంచి వేసిన డిపాజిట్టే అవుతుంది.

## 3. బొమ్మ గీయడం

మాటకు ముందు బొమ్మ చూపిస్తారు. బ్రెజిల్‌లో మొదటి బొమ్మల్ని ఫ్రాన్సిస్కో బ్రెన్నాండ్ అనే చిత్రకారుడు వేశాడు. మనకు చార్టు పేపరు, స్కెచ్ పెన్ను చాలు.

బొమ్మలో తెలిసిన చోటు ఉండాలి, కానీ జవాబు ఉండకూడదు. ‘కూలి’ కోసం మేం గీసిన బొమ్మలో ఆడవాళ్లు వంగి నాట్లు వేస్తున్నారు. గట్టు మీద ఒకాయన నోట్‌బుక్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. దూరంగా ఇద్దరు మగవాళ్లు నారు మోసుకొస్తున్నారు. గట్టు మీదాయనకు పెద్ద మీసాలు, ఎర్రటి కళ్లు పెట్టలేదు. ఆడవాళ్ల ముఖాల్లో ఏడుపు పెట్టలేదు. పెడితే చూసేవాళ్లు ఆలోచించాల్సిన పని ఉండదు, మీ అభిప్రాయాన్ని చదివి తల ఊపుతారు.

బొమ్మ మీద మీరు అనుకున్న చర్చే రాదు, రాకపోవడమే మంచిది. చిలీలోని శాంటియాగోలో కార్మికుల వాడలో జరిగిన ఒక సంఘటనను ఫ్రేరే రాశాడు. బొమ్మలో ఒకాయన తాగి తూలుతూ వీధిలో నడుస్తున్నాడు, మూలన ముగ్గురు కుర్రాళ్లు మాట్లాడుకుంటున్నారు. తాగుడు చెడ్డదని చర్చ వస్తుందని అక్కడున్నవాళ్లు ఎదురుచూసి ఉండొచ్చు. కానీ ఆ వాడ జనం అన్నది వేరు: ఈ నలుగురిలో పనిచేసేది ఆ తాగినాయన ఒక్కడే, పొద్దంతా తక్కువ కూలికి పనిచేసి ఇంటి గురించి దిగులుతో వస్తున్నాడు, మాలాంటివాడే అన్నారు. ఆ ఒక్క మాటలో తక్కువ కూలికీ తాగుడుకీ ఉన్న సంబంధం వాళ్లే చెప్పేశారు. తాగుడు మీద ఉపన్యాసం తయారుచేసుకుని వెళ్లిన మనిషికి ఇది వినపడదు.

## 4. చోటు, మనుషులు, సమయం

- పది నుంచి పదిహేను మంది. ఇరవై దాటితే ఇద్దరు ముగ్గురే మాట్లాడతారు.
- గుండ్రంగా, ఒకే ఎత్తులో. వాళ్లు చాప మీద, మీరు కుర్చీలో ఉంటే సంభాషణ కుదరదు.
- గంటా పావు. అందులో బొమ్మ మీద అరగంట, అక్షరాలకు ముప్పావు గంట.
- వాళ్ల పని తీరిన వేళ. నాట్ల కాలంలో వారానికి మూడు రోజులే పెట్టుకోండి.
- మేస్త్రి గానీ, వాళ్లకు అప్పిచ్చినవాళ్లు గానీ ఆ గుండ్రంలో ఉంటే కూలి మీద ఎవరూ నోరు విప్పరు. మొదటి వారంలోనే ఇది చూసుకోండి.

## 5. మాట్లాడించడం: ప్రశ్నల వరస

వరస ముఖ్యం. ‘ఎందుకు’ అనే ప్రశ్నతో మొదలుపెడితే అది పరీక్షలా ఉంటుంది. కళ్లకు కనిపించేదాని నుంచి మొదలుపెట్టండి.

1. ఈ బొమ్మలో ఏం కనబడుతోంది?
2. మన దగ్గరా ఇలాగే ఉంటుందా? ఏం తేడా?
3. ఎందుకిలా ఉంది? ఎప్పుడూ ఇలాగే ఉండేదా?
4. ఇలా ఉండటం వల్ల ఎవరికి ఏం జరుగుతోంది?
5. దీని గురించి మనం చేయగలిగింది ఏమైనా ఉందా?

ఐదూ ఒకే రోజు పూర్తి కావాలని లేదు. మా మొదటి సాయంత్రం ఎలా నడిచిందో చెబుతాను.

మొదటి ప్రశ్నకు అందరూ ఒక్కసారే “నాట్లేస్తున్నారు” అన్నారు. ఒకావిడ “నారు దూరంగా ఏసిండ్రు, ఇట్ల నాటితే కలుపొస్తది” అని నా బొమ్మను తప్పుపట్టింది. నేను ఆవిడ చేతికి స్కెచ్ పెన్ను ఇచ్చాను. ఆవిడ దగ్గర దగ్గరగా చుక్కలు పెట్టింది. జీవితంలో మొదటిసారి పెన్ను పట్టుకున్నానని తర్వాత చెప్పింది.

“గట్టు మీద ఎవరు?” అన్నాను. “మేస్త్రి.” “ఏం చేస్తున్నాడు?” “లెక్క రాసుకుంటున్నడు.” కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు వెనక కూర్చున్న పెద్దమ్మ, “రాసుకుంటడు గాని మనకు చూపియ్యడు కదా. చూపిచ్చినా మనకేం తెలుసు?” అంది.

ఇక్కడే నేను తప్పు చేశాను. ఆ మాట వినగానే కనీస వేతనాల చట్టం గురించి పది నిమిషాలు చెప్పాను. చెప్పిందంతా నిజమే. కానీ ఆ తర్వాత ఆ సాయంత్రం ఎవరూ మాట్లాడలేదు, “మీరు చెప్పండి టీచరమ్మా” అనే మాట ఒక్కటే వినబడింది. నేను చేయాల్సింది ఒక్క ప్రశ్న: “పోయిన వారం మీరు ఎన్ని రోజులు వెళ్లారు? ఆయన నోట్‌బుక్‌లో ఎన్ని ఉన్నాయో ఎలా తెలుస్తుంది?”

రెండో రోజు అదే అడిగాను. ఒకావిడ తలుపు వెనక బొగ్గుతో గీతలు పెట్టుకుంటానని చెప్పింది. ఇంకొకావిడ కొంగుకు ముడులు వేస్తుందట. అంటే వాళ్లకు లెక్క రాదని కాదు, వాళ్ల లెక్కకు మేస్త్రి లెక్క ముందు విలువ లేదు, అంతే. ఈ మాట నేను చెప్పలేదు. “మా గీతలు ఆయన ఒప్పుకోడుగా” అని ఆ బొగ్గు గీతలావిడే అంది. కనీస వేతనం గురించి వాళ్లు నన్ను అడిగింది నాలుగో రోజున. అడిగాక చెబితే పదిహేను ప్రశ్నలొచ్చాయి.

ఇంతకీ, తెలిసింది చెప్పకూడదని ఎవరూ అనలేదు. సంభాషణ అంటే టీచరు మౌనవ్రతం పట్టడం కాదు. లిపి మీకు వచ్చు, వాళ్లకు రాదు. చట్టం మీకు తెలుసు. అది దాచిపెట్టి “మీరే కనుక్కోండి” అనడం వాళ్లను ఇబ్బంది పెట్టడమే. వాళ్ల ప్రశ్న పుట్టాక చెప్పండి, చెప్పాక “ఇది మీకు తెలిసినదానితో సరిపోతోందా?” అని అడగండి.

## 6. బొమ్మ నుంచి అక్షరానికి

చర్చ వేడిగా ఉండగానే అక్షరాల్లోకి దిగాలి. ఆ అరగంట అక్షరాలకు ముందు చెప్పే కబుర్లని అనుకోకండి. ఆ మాట ఎందుకు చదవాలో అక్కడే తెలుస్తుంది.

మొదట బొమ్మ కింద ‘కూలి’ అని పెద్దగా రాయండి. అందరూ చూసి పలకాలి. తర్వాత బొమ్మ తీసేసి మాట ఒక్కటే ఉన్న కార్డు చూపించండి. ఆపైన విడదీయండి: కూ – లి.

ఇప్పుడు రెండు గుణింతాల కార్డు. పూర్తి గుణింతం ఒకేసారి చూపిస్తే కళ్లు తిరుగుతాయి. మొదటి రోజు ఎనిమిది చాలు:

క కా కి కీ కు కూ కే కో
ల లా లి లీ లు లూ లే లో

ముందు అడ్డంగా చదివించండి, తర్వాత నిలువుగా. నిలువుగా చదివినప్పుడే గుడి, దీర్ఘం అన్నీ రెండు అక్షరాలకూ ఒకేలా వస్తున్నాయని గమనిస్తారు. మీరు చెప్పక్కర్లేదు, రెండు నిమిషాలు ఆగితే ఎవరో ఒకరు వేలు పెట్టి చూపిస్తారు. ‘కు’లో కొమ్ము, ‘లు’లో కొమ్ము ఒకటేనా అని అడుగుతారు. అవును, ఒకటే.

ఇక కార్డు మధ్యలో పెట్టి, “ఇందులో ముక్కలు కలిపి మాటలు చేయండి” అనండి. ఇక్కడ మీరు పూర్తిగా వెనక్కి తగ్గాలి. మా దగ్గర వచ్చినవి: కల, కాలు, కాకి, కోక, కీలు, కేక, కోకిల, కాకులు, లోకులు. ‘లోలాకు’ అని ఒక చిన్నమ్మాయి చెవి పట్టుకుని చూపిస్తూ చెప్పింది. అర్థం లేని కలయికలు కూడా వస్తాయి, ‘కీలో’, ‘లూకే’ లాంటివి. వాటిని కొట్టేయకండి. “దీనికి అర్థం ఉందా?” అని అడిగితే వాళ్లే పక్కన పెడతారు.

బ్రెజిల్‌లో ‘తిజోలో’ కార్డు నుంచి ఒక నిరక్షరాస్యుడు ముక్కలు ఏరి ‘తు జా లె’ అని కూర్చాడు. అక్కడి మాటల్లో “నువ్వు అప్పుడే చదివేస్తున్నావు” అని అర్థం. మా దగ్గర ఆ పెద్దమ్మ మూడో రోజున నాలుగు ముక్కలు ఏరి వరసగా పెట్టింది: ‘కూలి లేక’. ఆ వారం వానలకు పని లేదు.

ఆ రోజు చివర్లో సరిచూసుకోండి:

- ప్రతి ఒక్కరూ కనీసం ఒక మాట తయారుచేశారా?
- ‘కూలి’ అనే మాటను వేరే కాగితంలో, వేరేవాళ్ల చేతిరాతలో గుర్తుపట్టగలుగుతున్నారా?
- ఇంటికి తీసుకెళ్లే పని కాపీరాత కాకుండా, “ఇంట్లో ఇంకో రెండు మాటలు తయారుచేసుకుని రండి” అని ఇచ్చారా?

## 7. ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

అందరూ మీ ముఖం చూసి జవాబు చెబుతున్నారు. మీ తల ఊపు చూసి సరైనదేదో ఊహిస్తున్నారన్నమాట. బొమ్మ పక్కన కాకుండా గుండ్రంలో మరోచోట కూర్చోండి. జవాబుకు “కరెక్ట్” అనకండి. “ఇంకొకరు ఏమంటారు?” అనండి.

ఎవరూ మాట్లాడటం లేదు. అప్పుడే భయపడి మీరు నింపేయకండి. మనసులో ఇరవై లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే ప్రశ్న పెద్దదై ఉంటుంది. “ఎందుకు” నుంచి వెనక్కి, “ఏం కనబడుతోంది”కి రండి.

ఒక్కరే మాట్లాడుతున్నారు. ఆవిడను ఆపకండి. ఇద్దరిద్దరిగా ఐదు నిమిషాలు మాట్లాడుకోమని, తర్వాత పక్కవాళ్లు చెప్పింది చెప్పమనండి.

చర్చ బ్రహ్మాండంగా ఉంది, కానీ నెల తర్వాత కూడా చదవలేకపోతున్నారు. ఇది చాలా జరుగుతుంది. మాటలు బాగా వస్తుంటే మనకే ఆపబుద్ధి కాదు. కానీ వాళ్లు వచ్చింది చదువుకోసం. అరగంటకు అలారం పెట్టుకోండి.

ప్రశ్నల రూపంలో మీ జవాబునే లాగుతున్నారు. “మేస్త్రి మోసం చేస్తున్నాడు కదా?” అనేది ప్రశ్న కాదు. ఒక సాయంత్రం ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి, ముందుగా వాళ్ల అనుమతి తీసుకోండి. మీ మాటలు సగం సమయం దాటితే, ‘కదా’తో ముగిసిన ప్రశ్నలు ఎక్కువుంటే, మీరు మళ్లీ జమ చేస్తున్నట్టే.

## 8. బడిలో అయితే

సిలబస్, పరీక్షలు ఉన్నచోట పూర్తి పద్ధతి కుదరదు. ఒక్క పాఠంలో ఒక్క పీరియడ్‌కు కుదురుతుంది. ఉదాహరణకు లెక్కల్లో బారువడ్డీ. పుస్తకంలో ‘సంవత్సరానికి 12 శాతం’ అని ఉంటుంది. పిల్లల ఇళ్లలో వినిపించేది ‘రెండు రూపాయల వడ్డీ’. ముందురోజు పిల్లల్ని ఇంట్లో వడ్డీ గురించి ఎలా మాట్లాడతారో విని రమ్మనండి. ఎవరి ఇంటి అప్పు ఎంతో అడగొద్దు, క్లాసులో పరువు పోతుంది. మాట తీరు మాత్రమే.

రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు 2 రూపాయలు. పదివేలకు నెలకు 200, ఏడాదికి 2,400. అంటే సంవత్సరానికి 24 శాతం. ఈ లెక్క మీరు చేసి చూపించకండి, పిల్లలు చేయాలి. అది పుస్తకంలోని 12కి రెట్టింపు అని తేలగానే “మరి అందరూ బ్యాంకుకే ఎందుకు వెళ్లరు?” అని ఎవరో అడుగుతారు. హామీ, కాగితాలు, అర్ధరాత్రి ఆసుపత్రి ఖర్చు అంటూ జవాబులు కూడా వాళ్ల దగ్గరే ఉంటాయి. సూత్రం ఆ తర్వాత బోర్డు మీద రాయండి.

## 9. చదివినవాళ్లు ఏదైనా చేద్దామన్నప్పుడు

ఐదో ప్రశ్న వరకూ వస్తే ఇది తప్పదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమంలో తాగుడు వల్ల నలిగిన ఆడవాళ్ల కథ పాఠంగా ఉంది. దూబగుంటలో ఆడవాళ్లు ఆ కథను తమ ఊరి సారా కొట్టుతో కలిపి మాట్లాడుకున్నారు, కొట్టును మూయించారు. అది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా వెళ్లింది. బ్రెజిల్‌లో దీనికి ఎదురుగా జరిగింది. 1964లో సైన్యం అధికారం పట్టగానే అక్షరాస్యత కార్యక్రమాన్ని ఆపేసి, ఫ్రేరేను జైల్లో పెట్టింది.

కాబట్టి ‘చేద్దాం’ అన్న రోజున మీరు అడగాల్సిన ప్రశ్నలు ఇవి:

- ఇది చేస్తే ఎవరికి కోపం వస్తుంది? ఆ కోపం ఎవరి మీద పడుతుంది?
- రేపు పనికి పిలవకపోతే ఇల్లు ఎన్ని రోజులు నడుస్తుంది?
- ఒక్కరే అడగాలా, అందరూ కలిసి అడగాలా?
- దీనికంటే చిన్న మొదటి అడుగు ఏదైనా ఉందా?

నిర్ణయం వాళ్లది. మీరు సాయంత్రం ఇంటికి వెళ్లిపోతారు, పొద్దున ఆ గట్టు మీదకు వెళ్లేది వాళ్లు. తొందరపెట్టొద్దు, ఆపొద్దు.

మా వాళ్లు చిన్న అడుగే ఎంచుకున్నారు. ప్రతి ఒక్కరూ సొంతంగా ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, తారీఖు కింద ‘కూలి’ అని రాసి, పక్కన మొత్తం వేసుకోవడం మొదలుపెట్టారు. శనివారం డబ్బులిచ్చేటప్పుడు మేస్త్రి నోట్‌బుక్ పక్కన దాన్ని తెరిచి పెట్టారు. ఒకావిడకు రెండు రోజుల లెక్క తక్కువ వచ్చింది. మేస్త్రి చూసి, దిద్ది, ఇచ్చాడు. మరుసటి సోమవారం ఆ నోట్‌బుక్‌ల నుంచే మాకు మరో మాట దొరికింది: బాకీ.